నాన్న పేరిట పాత షేర్ సర్టిఫికెట్లు దొరికాయా? వారసుల పేరిట మార్చుకోవడం ఇలా..

ఇంట్లో పెద్దాయన పోయిన కొన్నేళ్లకు బీరువా సర్దుతుంటే పొలం పాసు పుస్తకాల మధ్య నుంచి గట్టి కాగితం ఒకటి బయటపడుతుంది. చుట్టూ అంచు డిజైన్, పైన కంపెనీ పేరు, కింద ఆయన పేరు, ఓ ఫోలియో నంబరు. పల్నాడు ప్రాంతంలో ఇలాంటి కాగితం కనిపించడంలో వింతేమీ లేదు. మాచర్లలో సిమెంట్ ఫ్యాక్టరీ నడుపుతున్న కేసీపీ, దాచేపల్లి ప్రాంతంలో ఫ్యాక్టరీ ఉన్న ఆంధ్రా సిమెంట్స్ స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలే. షేర్లు కాగితం రూపంలోనే ఉన్న రోజుల్లో వాటిని కొని మర్చిపోయినవారు ఉంటారు.

ఆ కాగితం ఇప్పటికీ చెల్లుతుందా? చాలావరకు చెల్లుతుంది. కానీ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన అమ్ముకోలేరు. ముందు అది వారసుల పేరిట మారాలి. దీన్నే ట్రాన్స్‌మిషన్ అంటారు. చనిపోయిన వ్యక్తి ఒక్కరి పేరిటే షేర్లు ఉండి, నామినీ లేకపోతే ఏం చేయాలి, రిజిస్ట్రార్‌కు పంపే కవరింగ్ లెటర్ ఎలా రాయాలి అన్నది ఇక్కడ చూద్దాం. ఎక్కువ కాగితాలు అవసరమయ్యేది, ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఈ సందర్భంలోనే.

ట్రాన్స్‌ఫర్ కాదు, ట్రాన్స్‌మిషన్

ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక చాలామంది మొదటి అడుగులోనే తప్పు చేస్తారు. ఒకరు ఇంకొకరికి అమ్మితే, బహుమతిగా ఇస్తే అది ట్రాన్స్‌ఫర్. మనిషి చనిపోవడం వల్ల చట్టప్రకారం వారసులకు చేరితే అది ట్రాన్స్‌మిషన్. నమోదైన కంపెనీల కాగితపు షేర్ల ట్రాన్స్‌ఫర్‌ను 2019 ఏప్రిల్ 1 నుంచి సెబీ ఆపేసింది. ట్రాన్స్‌మిషన్‌కు మాత్రం ఆ అడ్డు లేదు. కాబట్టి లేఖలో ‘ట్రాన్స్‌ఫర్ చేయండి’ అని రాయొద్దు. పాత ట్రాన్స్‌ఫర్ డీడ్ ఫారం నింపే పనీ లేదు. ఇంట్లో ఎప్పుడో నాన్నగారు సంతకం పెట్టి ఉంచిన ఖాళీ డీడ్ దొరికినా దాన్ని వాడొద్దు. ఆయన పోయాక తేదీ వేసి పంపితే అది వేరే చిక్కు తెచ్చిపెడుతుంది.

సర్టిఫికెట్ మీద రెండు పేర్లుండి, ఒకరు బతికి ఉంటే పని చాలా తేలిక. మరణ ధ్రువపత్రం జతచేసి చనిపోయినవారి పేరు తొలగించమని అడిగితే సరిపోతుంది. నామినీ ఉన్నా కాగితాలు తక్కువే. కానీ నామినీ పేరిట మారినంత మాత్రాన ఆ షేర్లు నామినీ సొంతం అయిపోవు. నామినేషన్ వారసత్వ చట్టాన్ని దాటిపోదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరు 14న శక్తి యెజ్‌దానీ కేసులో స్పష్టం చేసింది.

ముందు రాయాల్సింది ఇంకో ఉత్తరం

ఒరిజినల్ సర్టిఫికెట్ పంపడానికి ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్టిఫికెట్ మీద అచ్చయిన చిరునామాకు పంపితే ఉత్తరం తిరిగి రావచ్చు. వాటాదారుల లెక్కలు చూసేది కంపెనీ నియమించుకున్న రిజిస్ట్రార్ (ఆర్టీఏ). ఆ సంస్థలు మారుతుంటాయి, పేర్లూ మారుతుంటాయి. ఒకప్పుడు కార్వీ పేరుతో నడిచిన రిజిస్ట్రార్ వ్యాపారం ఇప్పుడు హైదరాబాద్‌లోని కేఫిన్ టెక్నాలజీస్. ముంబయి కేంద్రంగా ఉన్న లింక్ ఇన్‌టైమ్ ఇప్పుడు ఎంయూఎఫ్‌జీ ఇన్‌టైమ్. కంపెనీ వెబ్‌సైట్‌లో ‘ఇన్వెస్టర్స్’ విభాగంలోనో, తాజా వార్షిక నివేదికలోనో ప్రస్తుత రిజిస్ట్రార్ పేరు, చిరునామా, ఈమెయిల్ ఉంటాయి.

ఆ ఈమెయిల్‌కు ఫోలియో నంబరు, మరణ ధ్రువపత్రం కాపీ, మీరు ఏమవుతారో చూపే ఆధారం జతచేసి మూడు విషయాలు అడగండి. ఇప్పుడు ఆ ఫోలియోలో ఎన్ని షేర్లున్నాయి? తీసుకోని డివిడెండ్ ఎంత? షేర్లు ఐఈపీఎఫ్‌కు వెళ్లాయా?

కాగితం మీద ఉన్న సంఖ్య ఇప్పుడు నిజం కాకపోవచ్చు కాబట్టే మొదటి ప్రశ్న. కేసీపీ షేరు ముఖవిలువ ఇప్పుడు 1 రూపాయి. పాత సర్టిఫికెట్ మీద 10 రూపాయలని ఉంటే, ఒక్కో షేరు పదిగా విడిపోయిందన్నమాట. పైగా 1995లో చక్కెర వ్యాపారం విడిపోయి కేసీపీ షుగర్ అండ్ ఇండస్ట్రీస్ కార్పొరేషన్ అనే వేరే కంపెనీ వచ్చింది. కాబట్టి అంతకు ముందు నుంచి షేర్లు ఉన్న కుటుంబం రెండో కంపెనీలోనూ ఆరా తీయాలి. రెండో కంపెనీ ఫోలియో వేరు, దరఖాస్తు కూడా వేరు. దీనికి పూర్తిగా భిన్నమైన సందర్భం ఆంధ్రా సిమెంట్స్. అది దివాలా ప్రక్రియలోకి వెళ్లి 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి వచ్చింది. అలాంటి కంపెనీల్లో పాత వాటా ఎంత మిగిలిందో రిజిస్ట్రార్ నోట విన్నాకే మిగతా ఖర్చులు పెట్టుకోవడం మంచిది.

మూడో ప్రశ్నకు తొందర ఎక్కువ. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ డివిడెండే కాదు, షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వం కింద ఉండే ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్లిపోతాయి. కంపెనీల చట్టం 2013లోని 124వ సెక్షన్ చెప్పేది ఇదే. అంతకు ముందు కంపెనీ నోటీసు పంపుతుంది కానీ అది పోయేది పాత చిరునామాకే. నాన్న 2019లో పోయి, అప్పటి నుంచి ఎవరూ డివిడెండ్ తీసుకోకపోతే ఏడేళ్ల లెక్క ఇప్పటికే దగ్గరపడి ఉంటుంది. వెళ్లిపోయినా వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే వారసత్వ కాగితాలన్నీ కంపెనీకి ఇచ్చి ఎంటైటిల్‌మెంట్ లెటర్ తీసుకుని, ఆ తర్వాత IEPF-5 ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. అంటే పని రెట్టింపు.

ఒక కుటుంబం లెక్క

అర్థమవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గురజాల మండలంలోని ఓ ఊళ్లో రిటైర్డ్ ఉపాధ్యాయుడు చనిపోయారు. వీలునామా లేదు, నామినీ లేరు. ఆయన పేరిట 10 రూపాయల ముఖవిలువతో 400 షేర్ల సర్టిఫికెట్ ఉంది. రిజిస్ట్రార్‌ను అడిగితే విభజన తర్వాత అవి 4,000 అయ్యాయని తేలింది. మార్కెట్ ధర 90 రూపాయలు అనుకుంటే విలువ 3.60 లక్షలు. భార్య గురజాలలో, కొడుకు నరసరావుపేటలో, పెళ్లయిన కూతురు అమెరికాలో ఉన్నారు. షేర్లు అమ్మ పేరిట మారాలన్నది అందరి మాట.

ఇక్కడ వారసులు ఎంతమంది? ముగ్గురని చటుక్కున అనేస్తాం. చనిపోయినాయన తల్లి మాచర్లలో చిన్నకొడుకు దగ్గర ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. కాబట్టి నలుగురు. దరఖాస్తులు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నాయనమ్మ పేరు ఉంటుంది, అఫిడవిట్‌లో ఉండదు. లేదా ‘ఆడపిల్లకు పెళ్లైపోయింది కదా’ అని కూతురి పేరు వదిలేస్తారు. రెండు కాగితాల్లో వారసుల సంఖ్య వేరుగా కనిపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. ఒక కొడుకు తండ్రి కంటే ముందే చనిపోయి ఉంటే అతని భార్య, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నిబంధనలు వేరు. ఆ జాబితాను లాయర్‌తో సరిచూసుకోవాలి.

విలువ 5 లక్షల లోపా, పైనా?

సెబీ 2022లో ఈ నిబంధనలను సరళం చేసి, మే 18న అన్ని ఫారాలకూ ఒకే నమూనా ఇచ్చింది. కాగితపు షేర్లలో ఒక్కో కంపెనీకి 5 లక్షల రూపాయల వరకు విలువ ఉంటే సులువైన దారి ఉంది. కోర్టు పత్రం గానీ, లీగల్ హెయిర్ సర్టిఫికెట్ గానీ లేకపోయినా మూడు కాగితాలతో పని జరుగుతుంది. వారసులంతా నోటరీ ముందు ఇచ్చే అఫిడవిట్, షేర్లు కోరుకునే వ్యక్తి ఇచ్చే నోటరీ చేసిన ఇండెమ్నిటీ బాండ్, మిగతా వారసులు ఇచ్చే నిరభ్యంతర పత్రం. నిరభ్యంతర పత్రానికి బదులు అందరూ సంతకాలు చేసిన కుటుంబ ఒప్పంద పత్రం కూడా ఇవ్వొచ్చు. ఈ పరిమితి దరఖాస్తు చేసే నాటి విలువ మీద లెక్కిస్తారు, కంపెనీ కంపెనీకి విడిగా చూస్తారు. రెండు కంపెనీల్లో కలిపి 7 లక్షలున్నా, ఏ ఒక్కదానిలోనూ 5 లక్షలు దాటకపోతే రెండింటికీ ఇదే దారి.

మన ఉదాహరణలో షేరు ధర 130 రూపాయలకు చేరితే విలువ 5.20 లక్షలవుతుంది. అప్పుడు ఈ దారి మూసుకుపోతుంది. సక్సెషన్ సర్టిఫికెట్, కోర్టు డిక్రీ లాంటివో, ప్రభుత్వ అధికారి ఇచ్చిన లీగల్ హెయిర్ సర్టిఫికెట్ లేదా దానికి సమానమైన పత్రమో కావాలి. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ ఇస్తే దానితో పాటు ఇండెమ్నిటీ బాండు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు కూడా జతచేయాలి. మన దగ్గర తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీద అది ఏ అవసరానికి ఇచ్చారో రాసి ఉంటే ఒకసారి చదవండి. దాని కాపీని ముందే రిజిస్ట్రార్‌కు మెయిల్ చేసి ‘ఇది సరిపోతుందా’ అని అడిగితే ఓ తిరుగుడు తప్పుతుంది. సక్సెషన్ సర్టిఫికెట్‌కు కోర్టు ఫీజు, నెలల సమయం పడతాయి కాబట్టి అన్నదమ్ముల మధ్య తగాదా లేనప్పుడు దాన్ని చివరి మార్గంగానే చూడాలి. తగాదా ఉంటే మాత్రం అదే దారి. నిరభ్యంతర పత్రం మీద ఒక్క వారసుడు సంతకం పెట్టకపోయినా రిజిస్ట్రార్ చేయగలిగింది ఏమీ లేదు.

నిరభ్యంతర పత్రం గురించి ఒక మాట. ఇంట్లో దీన్ని ‘ఓ సంతకం పెట్టమ్మా’ అన్నంత తేలిగ్గా అడుగుతారు. నిజానికి సంతకం పెట్టేవారు ఆ షేర్లలో తమ వాటాను వదులుకుంటున్నారు. కూతురు అయినా, నాయనమ్మ అయినా అందులో ఏ కంపెనీ, ఎన్ని షేర్లు అని రాశారో చదివి, విలువ ఎంతో తెలుసుకుని పెట్టాలి. షేర్ల సంఖ్య ఖాళీగా వదిలిన పత్రం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. అమెరికాలో ఉన్న కూతురు అక్కడి నోటరీ దగ్గరో, భారత కాన్సులేట్‌లోనో ధ్రువీకరించి పంపాలి. ఏది అంగీకరిస్తారో రిజిస్ట్రార్ నుంచి మెయిల్‌లో ముందే రాయించుకోండి. ఆమె వాట్సాప్‌లో పంపిన స్కాన్ కాపీ పనికిరాదు.

పేర్లు, చిరునామాలు కలవకపోతే

తెలుగువాళ్ల పేర్లతో రిజిస్ట్రార్లకు ఎప్పుడూ తిప్పలే. సర్టిఫికెట్ మీద ‘కె. వెంకటేశ్వర్లు’, పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, చివర ‘రావు’తో, పాన్ కార్డులో ఇంటిపేరు వెనక్కి. ముగ్గురూ ఒక్కరేనని మనకు తెలుసు, చెన్నైలోనో ముంబయిలోనో ఫైలు చూసే ఉద్యోగికి తెలియదు. ఆయన పాత పాన్, ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు లాంటివాటిలో రెండు రూపాలనూ కలిపే కాగితం ఒకటి వెతికి జతచేయాలి. అఫిడవిట్‌లోనూ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని రాయించాలి. మరణ ధ్రువపత్రంలో స్పష్టమైన తప్పుంటే, ఏ పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిందో అక్కడే ముందు సరిచేయించుకోవడం మేలు.

చిరునామా చిక్కు ఇక్కడివారికి ప్రత్యేకం. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఫోలియోలో ‘గుంటూరు జిల్లా’ అని ఉంటుంది, ఇప్పటి ఆధార్‌లో ‘పల్నాడు జిల్లా’. ఊరు అదే, పిన్‌కోడ్ అదే, జిల్లా మారిందని కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాస్తే ప్రశ్న రాదు.

కవరింగ్ లెటర్

ట్రాన్స్‌మిషన్ అడిగే అసలు ఫారం ISR-5. కవరింగ్ లెటర్ దానికి బదులు కాదు. కవరు విప్పిన ఉద్యోగికి ఏం వచ్చింది, ఏ కంపెనీది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక్క పేజీలో చెప్పడమే దాని పని. రిజిస్ట్రార్లు పదుల కంపెనీల ఫైళ్లు చూస్తారు కాబట్టి చిరునామా కింద ‘యూనిట్’ అని కంపెనీ పేరు రాయడం తప్పనిసరి. తండ్రి సేవలు, కుటుంబ కష్టాలు రాయాల్సిన పని లేదు. నమూనా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. పంపేటప్పుడు ఇదే వరుసలో ఇంగ్లిష్‌లో టైప్ చేయించండి.

గురజాల,
తేదీ: ........

(రిజిస్ట్రార్ సంస్థ పేరు, చిరునామా) వారికి
యూనిట్: (కంపెనీ పేరు) లిమిటెడ్

విషయం: ఫోలియో నంబరు ........ లోని 4,000 ఈక్విటీ షేర్ల ట్రాన్స్‌మిషన్ – ఏకైక వాటాదారు కీర్తిశేషులు ........

అయ్యా,

పై ఫోలియోలో షేర్లు కలిగిన నా భర్త ........ గారు తేదీ ........ న మరణించారు. ఆయన వీలునామా రాయలేదు, నామినీని నమోదు చేయలేదు. ఆయన చట్టబద్ధ వారసులం నలుగురం: భార్యనైన నేను, కుమారుడు ........, కుమార్తె ........, ఆయన తల్లి ......... మిగతా ముగ్గురూ నా పేరిట మార్చడానికి నిరభ్యంతర పత్రాలు ఇచ్చారు.

షేర్ సర్టిఫికెట్ నంబరు ........, డిస్టింక్టివ్ నంబర్లు ........ నుంచి ........ వరకు, సర్టిఫికెట్‌పై 10 రూపాయల ముఖవిలువ గల 400 షేర్లు. ముఖవిలువ విభజన తర్వాత ఇవి 4,000 షేర్లని మీ తేదీ ........ ఈమెయిల్ ద్వారా తెలిసింది. నేటి విలువ సుమారు 3.60 లక్షల రూపాయలు.

సర్టిఫికెట్‌పై ‘........’ అని, మరణ ధ్రువపత్రంలో ‘........’ అని ఉన్న పేర్లు ఒకే వ్యక్తివి, ఆధారం జతచేశాను. ఫోలియోలోని గుంటూరు జిల్లా చిరునామా ప్రస్తుతం పల్నాడు జిల్లాలో ఉంది.

ఈ షేర్లను నా డీమ్యాట్ ఖాతాకు చేర్చగలరు. తీసుకోని డివిడెండ్లను నా బ్యాంకు ఖాతాకు చెల్లించగలరు. లోపాలు ఏవైనా ఉంటే అన్నీ ఒకేసారి ........ ఈమెయిల్‌కు తెలియజేయగలరు.

జతచేసినవి: 1. ISR-5 ఫారం. 2. ఒరిజినల్ షేర్ సర్టిఫికెట్. 3. నోటరీ ధ్రువీకరించిన మరణ ధ్రువపత్రం కాపీ. 4. వారసులందరి అఫిడవిట్. 5. ఇండెమ్నిటీ బాండ్. 6. నిరభ్యంతర పత్రాలు. 7. నా పాన్, ఆధార్ కాపీలు (నా సంతకంతో). 8. ISR-1, ISR-2, SH-13 ఫారాలు, నా పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు. 9. డీమ్యాట్ ఖాతా క్లయింట్ మాస్టర్ లిస్ట్. 10. పేరు తేడాకు ఆధారం.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు)

ISR-2 మీద బ్యాంకు మేనేజర్ సంతకం, ముద్ర కావాలి. అమ్మ బ్యాంకులో పెట్టిన సంతకం, ఫారంలో పెట్టే సంతకం ఒకేలా ఉండాలి. ఈ పనికి ఆమె స్వయంగా బ్రాంచికి వెళ్లాల్సి వస్తుంది. ఆమెకు డీమ్యాట్ ఖాతా లేకపోతే ఇదంతా మొదలుపెట్టకముందే తెరిపించండి. పాన్‌లో పేరు, డీమ్యాట్‌లో పేరు, చెక్కు మీద పేరు ఒకటే అయ్యేలా చూడండి. నాన్న పేరు తేడా సరిచేసి, అమ్మ పేరు తేడా చూసుకోకపోతే ఫైలు మళ్లీ వెనక్కే.

అఫిడవిట్, బాండు నాన్-జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద ఉండాలి. ఎంత విలువైనది కొనాలో రిజిస్ట్రార్‌ను ముందే అడగండి. నమూనాలు రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. వాటిలో మాటలు మార్చకుండా టైప్ చేయించండి. నోటరీ దగ్గర సొంతంగా రాయించిన అఫిడవిట్ భాష బాగున్నా, ‘సెబీ నమూనాలో లేదు’ అనే కారణంతో తిరిగి రావచ్చు.

పంపాక..

కవరు మూసే ముందు ప్రతి పేజీ, సర్టిఫికెట్ వెనక వైపు సహా, ఫోన్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు నంబరు దాచండి. కాగితాలన్నీ సరిగ్గా అందిన 21 రోజుల్లో రిజిస్ట్రార్ పని పూర్తిచేయాలి. కొత్త సర్టిఫికెట్ ఇవ్వరు. రిజిస్ట్రార్ నుంచి లెటర్ ఆఫ్ కన్ఫర్మేషన్ వస్తే, దాని మీద ఉన్న తేదీ నుంచి 120 రోజుల్లోగా మీ డీమ్యాట్ సంస్థకు ఇచ్చి జమ చేయించుకోవాలి. ఆ గడువు దాటితే షేర్లు కంపెనీ సస్పెన్స్ ఖాతాలోకి పోతాయి, మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. నేరుగా డీమ్యాట్ ఖాతాలో జమ చేశామని రిజిస్ట్రార్ చెబితే ఈ పని మీకు తప్పినట్టే.

పేరు మారినందుకు మూలధన లాభాల పన్ను పడదు. తర్వాత అమ్మినప్పుడు లెక్కిస్తారు. అప్పుడు నాన్న కొన్న ధర, తేదీ అవసరమవుతాయి కాబట్టి పాత రసీదులుంటే పారేయకండి.

సమాధానం రాకపోతే ముందు కంపెనీ సెక్రటరీకి మెయిల్ చేయండి. అక్కడా కదలకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ scores.sebi.gov.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఫోలియో నంబరు, పోస్టు రసీదు, పంపిన కాగితాల స్కాన్‌లు అక్కడ జతచేయాలి. ‘మేం తెప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి’ అనే మధ్యవర్తులు ఫోన్ చేస్తుంటారు. వాళ్లు నింపేది పైన చెప్పిన ఫారాలే, సంతకాలు పెట్టాల్సిందీ మీ ఇంట్లోవాళ్లే. ఒరిజినల్ సర్టిఫికెట్ మాత్రం అలాంటివారి చేతికి ఇవ్వకండి.